సంతలో కొన్న చదివే కళ్ళజోడు: పవర్ సరిగా ఉందో లేదో ఇంట్లో ఎలా చూడాలి?

కిరణ్_గుణుపూర్ · శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది గుణుపూర్. అమ్మకి 57 ఏళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతోంది. పోయిన దసరా నుంచి ఇప్పటికి మూడో కళ్ళజోడు కొన్నది. మూడూ బండి మీద కొన్నవే. ఈసారిది బస్టాండు దగ్గర కొన్నాం, 80 రూపాయలు. అద్దం మీద +2.50 అని స్టిక్కర్ ఉంది.

పెట్టుకుని గంట కుట్టేసరికి కనుబొమల పైన నొప్పి మొదలవుతోందట. తీసి పక్కన పెట్టి కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటోంది. పాత జోడు మీద కూడా +2.50 అనే ఉంది, కానీ రెండింటిలోంచి పేపరు చూస్తే అక్షరాలు ఒకే సైజులో కనిపించడం లేదు. స్టిక్కర్ మీద ఉన్నదే నిజమని ఎలా నమ్మాలి? అసలు పవర్ ఎంతో ఇంట్లో తెలుసుకునే దారి ఏమైనా ఉందా? అమ్మ కూలి ఆ కళ్ళ మీదే ఆధారపడింది కాబట్టి అడుగుతున్నాను.

లైన్‌మన్_రాయగడ · 9:34

ఉంది తమ్ముడూ, చాలా తేలిక. నేను విద్యుత్ శాఖలో పని చేసి రిటైరయ్యాను, నా జోళ్ళన్నీ ఇలాగే చూసుకుంటాను. ట్యూబ్‌లైటు కింద నేల మీద తెల్ల కాగితం పెట్టు. కళ్ళజోడుని కాగితం మీద నుంచి నెమ్మదిగా పైకి లేపు. ఒక చోట ట్యూబ్‌లైటు బొమ్మ కాగితం మీద సన్నటి గీతలా స్పష్టంగా పడుతుంది. అక్కడ ఆపి, అద్దం నుంచి కాగితానికి ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలువు. 100ని ఆ అంకెతో భాగిస్తే వచ్చేదే పవర్. 50 సెంటీమీటర్లు వస్తే 2.00, 40 వస్తే 2.50.

కిరణ్_గుణుపూర్ · 10:05

ఇప్పుడే చేశాను బాబాయ్. కుడి అద్దానికి గీత 53 సెంటీమీటర్ల దగ్గర పడింది. 100ని 53తో భాగిస్తే 1.9 కూడా రాలేదు. అంటే +2.50 అని చెప్పి +1.90 అంటగట్టారు! రేపు ఉదయమే వెళ్ళి అడుగుతాను.

సంతవ్యాపారి_మునిగుడ · 10:22

బాబూ, కాస్త ఆగండి. నేను వారంవారం సంతల్లో కళ్ళజోళ్ళు అమ్ముతాను. మాకు హోల్‌సేల్‌లో డజన్ల లెక్కన పెట్టెలు వస్తాయి, స్టిక్కర్లు అక్కడే అతికించి ఉంటాయి. మేము మార్చేది ఏమీ లేదు. ఒక్కోసారి స్టిక్కర్ ఊడిపోయినవి వస్తాయి, వాటిని నేను అమ్మను, పక్కన పెట్టేస్తాను. తప్పు పెట్టెలో ఉండొచ్చు, కాదనను. కానీ 1.90 అనే నంబరు జోడు నేను ఇన్నేళ్ళలో చూడలేదు. మా దగ్గరకి +1.00 నుంచి పావు, అర చొప్పున పెరుగుతూ +3.00 దాకా వస్తాయి, అరుదుగా +3.50. మీ కొలతలో ఏదో తేడా ఉంది.

సత్యవతి_బరంపురం · 10:51

నేను ఇరవై రెండేళ్ళుగా కంటి పరీక్షలు చేస్తున్నాను, మొదట ఆప్టికల్ షాపులో, తర్వాత ఆసుపత్రిలో. లైన్‌మన్ గారి పద్ధతి మంచిదే, కానీ ఒక షరతు ఉంది. 100ని భాగించే లెక్క ఎప్పుడు సరిపోతుందంటే, వెలుతురు చాలా దూరం నుంచి వస్తున్నప్పుడు. గదిలో ట్యూబ్‌లైటు అంత దూరంలో ఉండదు. అందువల్ల దాని బొమ్మ అసలు పడాల్సిన చోటు కన్నా వెనక్కి జరిగి పడుతుంది, పవర్ తక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది.

కిరణ్, ట్యూబ్‌లైటు నుంచి నేల మీద కాగితం దాకా ఎంత ఎత్తో కొలిచి చెప్పు.

కిరణ్_గుణుపూర్ · 11:08

216 సెంటీమీటర్లు మేడమ్. ట్యూబు గోడకి ఏడడుగుల ఎత్తులో ఉంది.

సత్యవతి_బరంపురం · 11:20

అయితే కాగితం నుంచి అద్దానికి 53, అద్దం నుంచి ట్యూబుకి మిగిలిన 163. రెండు దూరాలనీ లెక్కలోకి తీసుకోవాలి:

```
100/53 + 100/163 = 1.89 + 0.61 = 2.50
```

స్టిక్కర్ నిజమే చెప్పింది. రేపు ఆ బండి దగ్గరకి గొడవకి వెళ్ళకు.

ఇంకా తేలికగా చేయాలంటే పగటి పూట చెయ్యి. కిటికీకి ఎదురుగా ఉన్న గోడకి తెల్ల కాగితం అంటించు. గదిలో లైట్లు తీసేయి. కిటికీలోంచి దూరంగా కొండో చెట్టో కనిపించాలి, మీ వైపు దానికి కొదవ లేదు. కళ్ళజోడు గోడకి దగ్గరగా పట్టుకుని వెనక్కి జరుపుతూ వస్తే, కొండ తలకిందులుగా బొమ్మ కట్టినట్టు కాగితం మీద పడుతుంది. కొండ అంచు గీత స్పష్టంగా ఉన్న చోట ఆపి కొలువు. అప్పుడు 100ని భాగిస్తే చాలు. ఒక్కో అద్దానికి మూడుసార్లు కొలిచి మధ్యదాన్ని తీసుకో, చేతి వణుకు వల్ల ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఎండలో సూర్యుడి మీద మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు. కాగితం కాలుతుంది, పొరపాటున అద్దంలోంచి చూస్తే కన్ను పోతుంది.

రెండో అద్దాన్ని కూడా కొలువు. అసలు చూడాల్సింది అదే. బండి మీద కొన్నవాటిలో పవర్ మొత్తంగా తప్పు ఉండటం కన్నా, రెండు అద్దాలకీ తేడా ఉండటం నేను ఎక్కువగా చూశాను.

పర్లాకిమిడి_నాన్న · ఆదివారం ఉదయం 7:15

మంచి చర్చ. నాదీ ఇదే సమస్య. మా అబ్బాయికి 13 ఏళ్ళు, బోర్డు మీద అక్షరాలు కనపడటం లేదంటున్నాడు. ఇక్కడ బండి మీద +1.00 తక్కువ పవరే కదా, ముందు అది పెట్టి చూద్దామనుకుంటున్నాను. ఏ రంగు ఫ్రేమ్ అయితే మంచిది?

సత్యవతి_బరంపురం · 7:40

వద్దండి, దయచేసి అది కొనకండి. ఈ అద్దాలు దగ్గర చూపు కోసం, నలభై దాటాక కంట్లో కటకం బిరుసెక్కి దగ్గరివి కనపడనివాళ్ళకి. మీ అబ్బాయికి దూరం కనపడటం లేదు. అతనికి కావాల్సింది చాలా వరకు మైనస్ పవర్ అయి ఉంటుంది, ప్లస్ పెడితే బోర్డు ఇంకా మసకబారుతుంది. పైగా పిల్లల పవర్ చుక్కలమందు వేసి కంటిని సడలించి చూస్తేనే సరిగా తెలుస్తుంది. స్కూలు నుంచి వచ్చాక ఒక పూట ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

జయపురం_లక్ష్మి · 8:02

బండి అద్దాలు పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయి, నరాలు లాగేస్తాయి, ప్రతి ఏడాదీ నంబరు పెరిగిపోతుంది. నాకు జరిగిందే చెబుతున్నాను. పోయిన ఏడాది సుగరు ఉందని తేలి మందులు మొదలుపెట్టారు. పది రోజులకే చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. అప్పటిదాకా +2.00 వాడేదాన్ని, వెళ్ళి +3.00 తెచ్చుకున్నాను. రెండు నెలలు గడిచేసరికి అదీ పడలేదు, తల తిరిగింది. ఆ బండి అద్దాలే నా కళ్ళని అలా చేశాయి.

సత్యవతి_బరంపురం · 8:30

లక్ష్మి గారూ, మీకు జరిగింది నిజమే, కానీ కారణం అద్దం కాదు. ఒంట్లో సుగరు ఎక్కువగా ఉన్నప్పుడు కంటి కటకంలోకి నీరు చేరి దాని పవర్ మారుతుంది. మందులు మొదలుపెట్టి సుగరు తగ్గడం మొదలవగానే అది మళ్ళీ ఇంకో వైపుకి మారుతుంది. చాలామందికి ఆ సమయంలో దగ్గర చూపు ఒక్కసారిగా తగ్గుతుంది. కొన్ని వారాల్లో కటకం సర్దుకుంటుంది. మీ +3.00 ఆ మధ్య రోజులకి సరిపోయింది, తర్వాత ఎక్కువైంది. అందుకే సుగరు నిలకడగా ఉండి నెలో రెండు నెలలో అయ్యేదాకా ఖరీదైన కళ్ళజోడు చేయించుకోవద్దని చెబుతాం. ఆ మధ్యలో పని జరగడానికి 80 రూపాయల జోడు వాడటమే మేలు.

నంబరు పెరగడం గురించి కూడా చెప్పాలి. 45 దగ్గర +1.00 మొదలై 60కి +2.50 దాకా పెరగడం అద్దం పెట్టినా పెట్టకపోయినా జరిగేదే. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గర చూపు అద్దాలిచ్చి చూసిన పరిశోధన 2018లో లాన్సెట్ వాళ్ళ పత్రికలో వచ్చింది. అద్దాలు పెట్టుకున్నవాళ్ళు కోసిన ఆకు, పెట్టుకోనివాళ్ళ కన్నా సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. దగ్గర చూపు అద్దం పెట్టుకోవడం తప్పు కాదు. ఎవరి కంటికి ఏది సరిపోతుందనేదే ప్రశ్న.

మీకు సుగరు ఉంది కాబట్టి ఒకటి అడుగుతాను. ఈ ఏడాదిలో కంటి వెనక నరం, రెటీనా చూపించుకున్నారా?

జయపురం_లక్ష్మి · 8:41

లేదండి. కళ్ళజోడు మార్చుకుంటే చాలనుకున్నాను. అయినా నరాలు లాగే మాట నేను ఊరికే అనలేదు, తీయగానే హాయిగా ఉండేది.

సత్యవతి_బరంపురం · 8:50

ఎక్కువ పవర్ పెట్టుకుంటే లాగినట్టు ఉంటుంది, అది నిజం. కానీ రెటీనా మాత్రం వెంటనే చూపించుకోండి. సుగరు వల్ల వచ్చే రెటీనా దెబ్బ మొదట్లో చూపుని తగ్గించదు, చదివే అద్దంతో అన్నీ బాగానే కనిపిస్తూ ఉంటాయి.

కిరణ్_గుణుపూర్ · మధ్యాహ్నం 12:20

కొండ మీద పరీక్ష చేశాను. గోడ మీద కొండ తలకిందులుగా పడటం చూసి అమ్మ కూడా మిషన్ ఆపి వచ్చింది. కుడి అద్దం మూడుసార్లూ 40 దగ్గరే ఆగింది. ఎడమ అద్దం 43, 44, 44. అంటే కుడి 2.50, ఎడమ 2.27. పాత జోడు రెండు వైపులా 40. తేడా ఉందన్న మాట! తలనొప్పి దీనివల్లేనా?

సత్యవతి_బరంపురం · 12:45

ఎడమది పావు పవర్ తక్కువ ఉంది. కొత్త జోడుకి అది తప్పే, మార్చమని మర్యాదగా అడగొచ్చు. కానీ పావు తేడాకే గంటలో తలనొప్పి రావడం నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఇంకో రెండు చూడు.

మొదటిది అద్దాల నడిబిందువు. ప్లస్ అద్దంలో ఒకే ఒక్క చోట నుంచి చూస్తేనే వెలుతురు పక్కకి వంగకుండా నేరుగా వస్తుంది. తెల్ల కాగితం మీద పొడుగ్గా ఒక నిలువు గీత గియ్యి. కళ్ళజోడుని కాగితానికి ఓ జానెడు పైన, కాగితానికి సమాంతరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, కంటిని సరిగ్గా గీత పైకి తెచ్చుకుని చూడు. అద్దం లోపల కనిపించే గీత, బయట ఉన్న గీత తెగిపోయినట్టు పక్కకి జరిగి ఉంటాయి. జోడుని పక్కకి జరుపుతూ పోతే ఒక చోట రెండూ కలిసి ఒకే గీత అవుతాయి. ఆ గీత మీద అద్దానికి స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టు. రెండో అద్దానికీ అలాగే. రెండు చుక్కల మధ్య దూరం స్కేలుతో కొలువు.

తర్వాత అమ్మ కళ్ళ దూరం. నువ్వు ఎదురుగా ఒక మూరెడు దూరంలో కూర్చుని, అమ్మని నీ ముక్కు దూలం వైపు చూడమను. స్కేలు అమ్మ కనుబొమల కింద ఆనించి, కుడి కంటి నల్లగుడ్డు బయటి అంచు నుంచి ఎడమ కంటి నల్లగుడ్డు లోపలి అంచు దాకా కొలువు. వచ్చేది దగ్గర చూపుకి రెండు కళ్ళ మధ్య దూరం.

సంతవ్యాపారి_మునిగుడ · 1:05

ఇది నాకు కొత్త విషయం. మేము ముఖానికి సరిపోయిందా లేదా అని మాత్రమే చూస్తాం. నాకు తెలిసిన నాణ్యత పరీక్ష వేరే ఉంది. జోడుని చెయ్యి చాచి పట్టుకుని, గుమ్మం అంచుని కానీ టైల్స్ మధ్య గీతని కానీ అద్దంలోంచి చూస్తూ మెల్లగా పక్కకి కదపండి. గీత వంకర లేకుండా నిటారుగా జరగాలి. నీళ్ళలో చూసినట్టు వంకర్లు పోతే అద్దం పోత సరిగా లేదని, అది తీసుకోవద్దు. అంచుల దగ్గర కాస్త వంగడం మామూలే, మధ్యలో వంగకూడదు. ఇంకోటి, జోడుని తలకిందులుగా గాజు బల్ల మీద పెట్టండి. నాలుగు చోట్లా ఆనాలి. ఒక కాడ లేస్తే ఫ్రేమ్ వంకరగా ఉన్నట్టు.

సత్యవతి_బరంపురం · 1:12

అన్నయ్యా, మీరు చెప్పిన గీత పరీక్షే మేమూ చేస్తాం. చాలా సరైనది.

కోరాపుట్_టీచర్ · 3:30

కిరణ్ గారూ, మీరు కొలతల్లో ఉన్నారు కానీ నేను ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా నాన్నగారు పదిహేనేళ్ళు సంత అద్దాలే వాడారు. ప్రతి మూడేళ్ళకీ ఒక జోడు. పేపరు మొత్తం చదివేవారు, పంచాంగం చూసేవారు, అందుకే కళ్ళు బాగున్నాయని మేమంతా అనుకున్నాం. ఒకరోజు సైకిలు మీద వెళ్తూ కుడి వైపు నుంచి వచ్చిన ఆవుని గుద్దుకున్నారు. ఆసుపత్రిలో చూస్తే నీటికాసులు. కుడి కంట్లో చుట్టూ ఉన్న చూపు చాలా వరకు పోయింది, మధ్యలో మాత్రం ఒక గొట్టంలోంచి చూసినట్టు మిగిలింది. ఆ మధ్య చూపుతోనే ఆయన పేపరు చదివారు. పోయిన చూపు మందుతో తిరిగి రాలేదు, ఉన్నది నిలబెట్టడానికే చుక్కలు వేస్తున్నాం. కంటి డాక్టరు చేత కళ్ళజోడు రాయించుకుని ఉంటే, ఆ రోజే కంటి ప్రెషరు చూసేవారు కదా అని నాకు ఇప్పటికీ బాధ.

లైన్‌మన్_రాయగడ · 4:10

టీచరమ్మా, చాలా బాధ కలిగింది. నాకు 66. నేనూ డాక్టరు దగ్గరకి వెళ్ళకుండా ఈ కొలతలతోనే నెట్టుకొస్తున్నాను. సత్యవతి గారూ, ట్యూబ్‌లైటు లెక్కలో తప్పు సరిదిద్దినందుకు థాంక్స్. ఇన్నేళ్ళూ నా జోళ్ళు నంబరు తక్కువ ఉన్నాయనుకుని పై నంబరు తెచ్చుకుంటూ వచ్చాను.

కిరణ్_గుణుపూర్ · సాయంత్రం 5:45

చుక్కల మధ్య దూరం 67 మిల్లీమీటర్లు. అమ్మ కళ్ళ దూరం 57. పాత జోడులో చుక్కల దూరం 61.

సత్యవతి_బరంపురం · 6:20

అదిగో. మీ అమ్మగారిది చిన్న ముఖం, ఈ కొత్తది వెడల్పు జోడు. పది మిల్లీమీటర్ల తేడా ఉంది. నడిబిందువులు కళ్ళకి బయటి వైపున ఉండిపోయాయి కాబట్టి అద్దం ప్రతి కంటికీ పట్టకంలా పని చేస్తుంది, బొమ్మని ముక్కు వైపుకి నెడుతుంది. దగ్గర పనికి కళ్ళు ఎలాగూ లోపలికి తిరగాలి, ఈ జోడుతో ఇంకా ఎక్కువ తిరగాలి. పవర్ పెరిగేకొద్దీ ఈ బరువూ పెరుగుతుంది. +1.00 జోడులో ఇదే తేడా పెద్దగా తెలియదు, +2.50లో తెలుస్తుంది. పది నిమిషాలు పేపరు చూసేవాళ్ళకి ఫరవాలేదు, పూటంతా కుట్టేవాళ్ళకి అలసట.

ఇంకో మాట, మిషన్ సూదికీ అమ్మ కంటికీ ఎంత దూరం?

కిరణ్_గుణుపూర్ · 6:31

వంగకుండా కూర్చుంటే 50 సెంటీమీటర్లు. కానీ ఈ మధ్య ముందుకి వంగే కుడుతోంది.

సత్యవతి_బరంపురం · 6:48

వంగడానికి కారణం పవరే అయి ఉండొచ్చు. +2.50 జోడు 40 సెంటీమీటర్ల దగ్గర హాయిగా కనిపించేలా చేస్తుంది. 50 దగ్గర పనికి +2.00 చాలు. బండి దగ్గర అందరూ పేపరు ముక్క ముఖానికి దగ్గరగా పెట్టుకుని, అక్షరం ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచి జోడు అనుకుంటారు. పని చేసే దూరంలో చూపించుకుని, రెండు నంబర్లు సరిపోతే తక్కువది తీసుకోవాలి.

ఇప్పుడు చివరిది, అన్నిటికన్నా ముందు చేయించాల్సింది. కళ్ళజోడు తీసేసి, ఒక్కో కన్ను అరచేత్తో మూసి, గది అవతలి గోడ మీద క్యాలెండరు అంకెలు చదవమను. రెండు కళ్ళతో చూసినప్పుడు మంచి కన్ను చెడ్డ కన్నుని కప్పేస్తుంది, మనిషికి తెలియదు.

కిరణ్_గుణుపూర్ · 7:15

మేడమ్, కుడి కంటితో అన్నీ చదివింది. ఎడమ కంటితో పెద్ద అంకెలు కూడా మసకగా ఉన్నాయంది. నేను కంగారు పడితే అమ్మే నవ్వుతూ, "అదేం లేదురా, నా ఎడమ కన్ను ఈ మధ్యే బాగుపడింది, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నాను" అంది. నిజంగానే కుడి కన్ను మూసి, పేపరు కాస్త దూరంగా పట్టుకుని, అద్దాలు లేకుండా చదివి చూపించింది. ఇది మంచిదే కదా?

సత్యవతి_బరంపురం · 7:32

కాదు కిరణ్. 57 ఏళ్ళ వయసులో, ఇన్నాళ్ళూ చదివే అద్దం కావాల్సిన కన్ను ఉన్నట్టుండి అద్దం లేకుండా చదవడం మొదలుపెట్టి, అదే కంటికి దూరం మసకబారితే, నేను మొదట అనుమానించేది శుక్లం. కటకం మధ్య భాగం గట్టిపడుతున్నప్పుడు దాని పవర్ మారి కన్ను దగ్గర చూపుకి అనుకూలంగా అవుతుంది. ముసలితనంలో చూపు తిరిగి వచ్చిందని ఊళ్ళల్లో సంతోషపడేది చాలాసార్లు ఇదే. శుక్లం ముదిరేకొద్దీ ఆ చూపూ మసకబారుతుంది.

అట్టముక్కకి గుండుసూదితో చిన్న బెజ్జం చేసి, ఎడమ కంటితో అందులోంచి క్యాలెండరు చూడమను. బాగా తేటపడితే అది పవర్ తేడా, అద్దంతో సరిదిద్దొచ్చు. తేటపడకపోయినా, కొంచెమే తేటపడినా, కంట్లోనే ఏదో ఉందని అర్థం. ఏది వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్ళు, రెండు కళ్ళ పవర్లు వేరైనప్పుడు బండి మీద ఏ జోడూ సరిపోదు. అక్కడ రెండు వైపులా ఒకే నంబరు ఉంటుంది.

కిరణ్_గుణుపూర్ · 7:50

కొంచెం తేటపడింది, పూర్తిగా కాదు. ఈ వారమే తీసుకెళ్తాను. పాత జోళ్ళు కూడా పట్టుకెళ్తాను.

జయపురం_లక్ష్మి · సోమవారం 8:10

సత్యవతి గారు, మీరు చెప్పాక నేనూ గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కంటిలో చుక్కలు వేస్తే ఆ రోజంతా మసకగా ఉంటుందన్నారు, తోడు ఎవరినైనా తీసుకురమ్మన్నారు.

కిరణ్_గుణుపూర్ · శుక్రవారం రాత్రి 8:40

నిన్న వెళ్ళి వచ్చాం. చుక్కలు వేసి గంటన్నర కూర్చోబెట్టి చూశారు. ప్రెషరు రెండు కళ్ళకీ మామూలుగానే ఉంది, రెటీనా బాగుంది. ఎడమ కంట్లో శుక్లం మొదలైందన్నారు, కుడి కంట్లో లేదు. చీటీ మీద దూరానికి కుడి కంటికి ఏమీ లేదు, ఎడమ కంటికి −2.00. దగ్గరకి అదనంగా రెండింటికీ +2.25.

ఇంటికి వచ్చి నేను లెక్క వేశాను. అంటే చదవడానికి కుడి కంటికి +2.25, ఎడమ కంటికి +0.25 మాత్రమే కావాలి. మేము ఇన్నాళ్ళూ ఎడమ కంటికి కూడా రెండుంపావు పెట్టాం. సరిగ్గానే అర్థం చేసుకున్నానా?

సత్యవతి_బరంపురం · 9:05

సరిగ్గా అర్థం చేసుకున్నావు. ఆ జోడు పెట్టుకున్నప్పుడు కుడి కంటికి 40 సెంటీమీటర్ల దగ్గర తేటగా ఉంటే, ఎడమ కంటికి సుమారు 24 దగ్గర తేటగా ఉంటుంది. మిషన్ సూది 50లో ఉంది. ఎడమ కన్ను ఆ దూరంలో ఏమీ సాయం చేయలేదు, మసక బొమ్మని మోసింది. తలనొప్పికి ఇది ఎంత కారణం, వెడల్పు జోడు ఎంత కారణం అని విడదీసి చెప్పలేను. రెండూ కలిసి ఉంటాయి.

డాక్టరు ఆపరేషన్ గురించి ఏమన్నారు?

కిరణ్_గుణుపూర్ · 9:18

తొందర లేదన్నారు. అద్దాలు చేయించి వాడి చూడండి, కానీ రెండు కళ్ళకీ రెండు నంబర్ల తేడా ఉంది కాబట్టి అలవాటు పడతారో లేదో ఇప్పుడే చెప్పలేం, ఆరు నెలలకి రండి అన్నారు. అమ్మ మాత్రం పెళ్ళిళ్ళ సీజన్ అయ్యేదాకా ఆపరేషన్ మాట ఎత్తొద్దంటోంది. మా అక్క వెంటనే చేయించేయమంటోంది. ఇంట్లో ఇంకా తేలలేదు.

కోరాపుట్_టీచర్ · 9:30

ప్రెషరు మామూలుగా ఉందని చదివి ఊపిరి పీల్చుకున్నాను. చీటీ భద్రంగా పెట్టండి, వచ్చే ఏడాది పోల్చి చూడటానికి పనికొస్తుంది.

సంతవ్యాపారి_మునిగుడ · 9:52

నేను ఈ వారం నుంచి బండికి పక్కన పది అడుగుల దూరంలో ఒక పెద్ద అంకెల క్యాలెండరు వేలాడదీస్తున్నాను. జోడు అడిగినవాళ్ళని ముందు ఒక్కో కన్ను మూసి అది చదవమంటున్నాను. మొన్న సంతలో ఇద్దరికి ఒక కన్ను కనపడలేదు. వాళ్ళకి అమ్మలేదు, జిల్లా ఆసుపత్రికి వెళ్ళమన్నాను. ఒకాయన కోపగించుకుని పక్క బండిలో కొనుక్కున్నాడు. సత్యవతి గారూ, పది అడుగులు సరిపోతుందా? ఇంకా దూరం పెట్టాలా?

సత్యవతి_బరంపురం · 10:04

అన్నయ్యా, ఇరవై అడుగులు దొరికితే పెట్టండి. చోటు లేకపోతే పది అడుగులతోనే చేయండి, అంకెలు మాత్రం చిన్నవి పెట్టండి. మీ కంటికి హాయిగా కనిపించే అంకెల్లో అన్నిటికన్నా చిన్న సైజు ఎంచుకోండి.

లైన్‌మన్_రాయగడ · 10:20

నేనూ ఒక్కో కన్ను మూసి చూసుకున్నాను. క్యాలెండరు రెండు కళ్ళకీ కనిపించింది. కానీ రాత్రి వీధిలైటుని కుడి కంటితో ఒక్కదానితో చూస్తే ఒక లైటు రెండు మూడుగా చీలినట్టు ఉంది. ఇన్నాళ్ళూ బల్బులో లోపమనుకున్నాను.

సత్యవతి_బరంపురం · 10:27

సోమవారమే వెళ్ళండి బాబాయ్. మీరు వాడుతున్న జోళ్ళన్నీ పట్టుకెళ్ళండి, ఏవి ఎన్నాళ్ళ నాటివో కాగితం మీద రాసుకుని.